ముందు భాగించాలా, ముందు ధ్రువ రూపం రాయాలా?

కావలిలో మా ఇంటి వరండాలో సాయంత్రం పూట ఇంటర్ పిల్లలు ఐదారుగురు కూర్చుని లెక్కలు చేసుకుంటుంటారు. మొన్న వాళ్లలో ఒక అబ్బాయి నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకే లెక్కను రెండు పద్ధతుల్లో చేశాడు. రెండు పద్ధతుల్లోనూ ఒకే జవాబు వచ్చింది. అయినా వెనక ఇచ్చిన జవాబుతో కలవలేదు.

"రెండు దార్లలోనూ ఇదే వస్తా ఉంది సార్. పుస్తకంలోనే తప్పు పడిందేమో," అన్నాడు.

సంకీర్ణ సంఖ్యల లెక్క ఇది. ఈ భాగఫలాన్ని ధ్రువ రూపంలో రాయాలి, మాపం, ఆయామం చెప్పాలి:

(−5 + i) / (3 + 2i)

మాపం అంటే ఇంగ్లీషు మీడియం పిల్లలు మాడ్యులస్ అనేది, ఆయామం అంటే ఆర్గ్యుమెంట్. పుస్తకంలో తప్పేమీ లేదు. ఆ అబ్బాయి రెండు దారుల్లోనూ ఒకే చోట కాలు జారాడు. ఏ లెక్కకు ఏ దారి ఎంచుకోవాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకదు. అందుకే దీనితోనే మొదలుపెడతాను.

మొదటి దారి అందరికీ తెలిసిందే. సంఖ్యలను a + ib రూపంలోనే ఉంచి ముందు గుణించడమో భాగించడమో చేస్తాం. వచ్చిన ఒక్క సంఖ్యకు చివర్లో మాపం, ఆయామం కనుక్కుంటాం. రెండో దారిలో ముందుగానే ఒక్కో సంఖ్యను r(cos θ + i sin θ) గా మార్చుకుంటాం. ఆ తర్వాత గుణకారమైతే మాపాలను గుణించి ఆయామాలను కూడతాం, భాగహారమైతే మాపాలను భాగించి ఆయామాలను తీసేస్తాం.

మొదటి దారిలో ఆ లెక్క

భాగించాలంటే హారం సంయుగ్మంతో పైనా కిందా గుణించాలి. హారం 3 + 2i కాబట్టి సంయుగ్మం 3 − 2i.

(−5 + i)(3 − 2i) = −15 + 10i + 3i − 2i²

i² = −1 కాబట్టి చివరి పదం +2 అవుతుంది. మొత్తం −13 + 13i. కింద 3² + 2² = 13. భాగిస్తే

−1 + i

ఇంతవరకూ ఆ అబ్బాయి తప్పు చేయలేదు. మాపం √(1 + 1) = √2 అని కూడా సరిగ్గానే రాశాడు. తర్వాత ఆయామం కోసం tan θ = 1/(−1) = −1 అని రాసి, కాబట్టి θ = −π/4 అన్నాడు. తప్పు ఇక్కడే జరిగింది.

tan విలువ −1 అయ్యే దిక్కులు రెండున్నాయి. ఒకటి నాలుగో పాదంలో −π/4, ఇంకొకటి దానికి సరిగ్గా ఎదురుగా రెండో పాదంలో 3π/4. tan⁻¹ అనేది ఎప్పుడూ −π/2కు, π/2కు మధ్యనున్న కోణాన్నే ఇస్తుంది, అంటే నిలువు అక్షానికి కుడి పక్కనున్నదాన్నే. మన −1 + i ఎక్కడుంది? వాస్తవ భాగం రుణం, కల్పిత భాగం ధనం. ఎడమకు ఒకటి, పైకి ఒకటి. అది రెండో పాదం. కాబట్టి ఆయామం 3π/4.

√2 (cos 3π/4 + i sin 3π/4)

రెండో దారిలోనూ తప్పు జవాబే ఎందుకొచ్చింది?

ఇప్పుడు రెండో దారి. మాపాలు √26, √13. భాగిస్తే √2. ఇది చాలా హాయిగా వచ్చింది, గమనించండి. ఆయామాల దగ్గర ఆ అబ్బాయి −5 + i కి tan⁻¹(−1/5) అని, 3 + 2i కి tan⁻¹(2/3) అని రాశాడు. తీసేస్తే −(tan⁻¹ 1/5 + tan⁻¹ 2/3) వస్తుంది. కూడే సూత్రం వాడితే 1/5 + 2/3 = 13/15, కింద 1 − 2/15 = 13/15. నిష్పత్తి 1, కోణం π/4. చివరికి మళ్లీ −π/4.

−5 + i కూడా రెండో పాదంలోనే ఉంది. దాని ఆయామం π − tan⁻¹(1/5). ఆ π ని వదిలేయడం వల్ల జవాబు కూడా π మేర తగ్గింది. π తగ్గడమంటే దిక్కు పూర్తిగా తిరగబడటమే. మొదటి దారిలో పాదం చూడకపోవడం చివర్లో జరిగింది, రెండో దారిలో మొదట్లో జరిగింది. రెండు చోట్లా పొరపాటు ఒకటే కాబట్టి రెండు జవాబులూ ఒకటయ్యాయి. పిల్లలకు నేను ముఖ్యంగా చెప్పేది ఇదే. రెండు దారుల్లో ఒకే జవాబు వచ్చిందని సరిచూసుకున్నట్టు కాదు.

"మరి తప్పని ఎట్టా తెలిసేది సార్?" అన్నాడు.

"నువ్వు రాసిన ధ్రువ రూపాన్ని మళ్లీ విప్పి చూడు అబ్బయ్యా," అన్నాను.

√2 (cos(−π/4) + i sin(−π/4)) విప్పితే 1 − i వస్తుంది. మనకు భాగహారంలో వచ్చింది −1 + i. గుర్తులు రెండూ తారుమారయ్యాయి. ఆ 1 − i ని తిరిగి 3 + 2i తో గుణిస్తే 5 − i వస్తుంది, అది కూడా మనం మొదలుపెట్టిన సంఖ్యకు సరిగ్గా రుణం. జవాబును విప్పినప్పుడు రెండు భాగాల గుర్తులూ ఒకేసారి మారితే పాదం తప్పిందని అర్థం. ఈ పరీక్షకు అర నిమిషం కూడా పట్టదు.

ఇదే లెక్కను రెండో దారిలో సరిగ్గా చేస్తే π − tan⁻¹(1/5) − tan⁻¹(2/3) = π − π/4 = 3π/4 వస్తుంది. జవాబు వస్తుంది కానీ tan⁻¹ కూడే సూత్రం గుర్తుండాలి, అది ఏ షరతుల్లో పనిచేస్తుందో కూడా గుర్తుండాలి. మొదటి దారిలో నాలుగు చిన్న గుణకారాలతో పని అయిపోయింది. ఈ లెక్కకు మొదటి దారే మేలు.

రెండో దారి ఎప్పుడు మేలు?

ఇంకో లెక్క తీసుకుందాం.

(1 + i) / (√3 + i)

మొదటి దారిలో వెళ్తే సంయుగ్మం √3 − i. పైన గుణిస్తే (√3 + 1) + i(√3 − 1), కింద 4. ఇంతవరకూ సులువే. మాపం కోసం ఆ రెండు భాగాలనూ వర్గం చేసి కూడాలి. 4 + 2√3, 4 − 2√3 కలిస్తే 8, దాన్ని 16తో భాగిస్తే 1/2, వర్గమూలం 1/√2. ఆయామానికి tan θ = (√3 − 1)/(√3 + 1). హారాన్ని అకరణీయం చేస్తే 2 − √3. అది tan 15° అని గుర్తున్న పిల్లాడు గట్టెక్కుతాడు. గుర్తులేనివాడు tan⁻¹(2 − √3) అని రాసి ఆపేస్తాడు. అది తప్పు కాదు, కానీ π/12 అని ఉండాల్సిన చోట అలా ఉంటుంది.

రెండో దారిలో ఇదే లెక్క చూడండి. 1 + i మాపం √2, ఆయామం π/4. √3 + i మాపం 2, ఆయామం π/6. భాగిస్తే మాపం √2/2 = 1/√2, ఆయామం π/4 − π/6 = π/12. అయిపోయింది.

(1/√2)(cos π/12 + i sin π/12)

ఈ రెండు లెక్కల మధ్య తేడా ఎక్కడుంది? సంఖ్యల్లోనే ఉంది. లెక్క మొదలుపెట్టక ముందే ఒక్కో సంఖ్యలో వాస్తవ, కల్పిత భాగాల నిష్పత్తి చూడండి. అవి సమానంగా ఉన్నా, ఒకటి ఇంకొకదానికి √3 రెట్లున్నా, రెంటిలో ఏదో ఒకటి సున్నా అయినా ఆ సంఖ్య ఆయామం మనకు నోటికొచ్చిన కోణమే అవుతుంది. లెక్కలో ఉన్న అన్ని సంఖ్యలూ ఇలాంటివే అయితే రెండో దారిలో వెళ్లండి. 3 + 2i, −5 + i, 4 + 7i లాంటివి ఉంటే మొదటి దారి పట్టండి. ఘాతం ఉంటే, ఉదాహరణకు (1 + i)¹⁰ లాంటిది, ఇక ఆలోచించనక్కరలేదు, రెండో దారే. కానీ (3 + 2i)² లాంటి వర్గానికి నేరుగా గుణించడమే తేలిక.

మాపం విషయంలో మాత్రం ఏ దారిలో వెళ్తున్నా నా సలహా ఒకటే. ఒక్కో సంఖ్య మాపం విడిగా కనుక్కుని గుణించండి లేదా భాగించండి. లబ్ధం మాపం మాపాల లబ్ధమే కాబట్టి దానికోసం గుణకారం పూర్తి చేయాల్సిన పని లేదు. మొదటి దారిలో వెళ్లేవాళ్లకు ఇది నిజమైన తనిఖీగా కూడా పనికొస్తుంది. (2 + 3i)(1 + 4i) గుణిస్తే −10 + 11i వస్తుంది. మాపం వర్గం 100 + 121 = 221. విడిగా చూస్తే 13 × 17 = 221. కలిసింది. ఎవరైనా i² = −1 అని మర్చిపోయి 14 + 11i అని రాసి ఉంటే 196 + 121 = 317 వచ్చేది, తప్పు అక్కడికక్కడే బయటపడేది. అయితే దీనికీ ఒక హద్దుంది. −10 + 11i బదులు 10 − 11i అని రాసినా మాపం మారదు. మాపం తనిఖీ గుర్తు తప్పులన్నిటినీ పట్టుకోదు. వాటికి పాదం చూసుకోవాల్సిందే.

ఇదే లబ్ధానికి జవాబు ఆయామం π − tan⁻¹(11/10). నోటికొచ్చిన కోణం కాదు, అలాగే ఉంచాలి. ఏ దారిలో వెళ్లినా అది మారదు, కాకపోతే మొదటి దారిలో చివర ఒక్కసారే tan⁻¹ రాస్తే సరిపోతుంది. రెండో దారిలో tan⁻¹(3/2) + tan⁻¹ 4 అని రెండు కూడాలి. సూత్రంలో పెడితే (3/2 + 4)/(1 − 6) = −11/10 వస్తుంది. కొందరు ఇక్కడ tan⁻¹(−11/10) అని రాసి వదిలేస్తారు. రెండు ధన కోణాలను కూడితే రుణ కోణం ఎలా వస్తుంది? ఆ ప్రశ్న వేసుకుంటే చాలు. రెండూ ధన సంఖ్యలై వాటి లబ్ధం 1 కంటే ఎక్కువైనప్పుడు ఆ సూత్రానికి π కలపాలి. ఇక్కడ 3/2 × 4 = 6.

కోణాలు ఎందుకు కూడతాం?

పిల్లలు ఈ ప్రశ్న అడిగితే నాకు చాలా సంతోషం. సూత్రం కంఠస్థం చేసినవాడికి ఈ సందేహం రాదు. a + ib అంటే తూర్పుకు ఇంత, ఉత్తరానికి ఇంత అని చెప్పడం. ధ్రువ రూపం అంటే ఒక చోటు నుంచి ఎంత దూరం, ఏ దిక్కున అని చెప్పడం. జువ్వలదిన్నె ఒడ్డున నిలబడి సముద్రంలో ఒక పడవను చూపించాలంటే మనం ముందు చెయ్యి చాచి దిక్కు చూపిస్తాం, తర్వాత ఎంత దూరమో చెబుతాం. అది ధ్రువ రూపమే.

i తో గుణించడమంటే ఆ చూపించిన చెయ్యిని దూరం మార్చకుండా 90 డిగ్రీలు తిప్పడం. 3 + 2i ని i తో గుణిస్తే −2 + 3i వస్తుంది. కాగితం మీద గీసి చూడండి, సరిగ్గా లంబకోణం. ఏ సంకీర్ణ సంఖ్యతో గుణించినా అంతే, దాని ఆయామమంత తిప్పుతాం, దాని మాపమంత సాగదీస్తాం. తిప్పిన తర్వాత మళ్లీ తిప్పితే కోణాలు కూడతాయి. సాగదీసి మళ్లీ సాగదీస్తే రెట్లు గుణించుకుంటాయి. భాగహారమంటే వెనక్కి తిప్పడం.

ఈ సంగతిని మొదట రాసినవాడు గణిత ప్రొఫెసర్ కాదు, భూములు కొలిచే సర్వేయర్. నార్వేలో పుట్టిన కాస్పర్ వెస్సెల్ 1797లో డెన్మార్క్ రాయల్ అకాడమీకి తన వ్యాసం సమర్పించాడు, 1799లో అది అచ్చయింది. చాలా ఏళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1806లో పారిస్‌లో ఆర్గాండ్ విడిగా ఇదే ఆలోచనను చిన్న పుస్తకంగా వేశాడు. అందుకే సంకీర్ణ సంఖ్యలను చుక్కలుగా గీసే తలానికి ఆయన పేరు పెట్టి ఆర్గాండ్ తలం అంటున్నాం. దిక్కూ దూరమూ రోజూ కొలిచేవాడికి ఇది ముందు తట్టడంలో ఆశ్చర్యం లేదనిపిస్తుంది నాకు.

రెండో దారిలో వెళ్లేవాళ్లు చూసుకోవలసినవి

కోణాలు కూడాక జవాబు −π కంటే ఎక్కువగా, π కి మించకుండా ఉందో లేదో చూడాలి. ప్రధాన ఆయామం అంటే ఆ హద్దుల్లో ఉన్నదే. ఈ లబ్ధం చూడండి:

(−√3 + i)(−1 + i√3)

మొదటిదాని మాపం 2, ఆయామం 5π/6. రెండోదాని మాపం 2, ఆయామం 2π/3. మాపాల లబ్ధం 4, ఆయామాల మొత్తం 3π/2. ఇది π దాటింది, కాబట్టి 2π తీసేయాలి. −π/2 వస్తుంది. లబ్ధం −4i అన్నమాట. నేరుగా గుణించినా √3 − 3i − i − √3 = −4i వస్తుంది. ఇక్కడ తీసేయాల్సింది 2π, π కాదు. π తీసేస్తే దిక్కు తిరగబడుతుంది, 2π తీసేస్తే ఒక చుట్టు తిరిగి అదే చోటికి వస్తాం. తొందరలో ఈ రెంటినీ కలిపేస్తారు. కొన్ని పుస్తకాలు 0 నుంచి 2π వరకు తీసుకుంటాయి, అప్పుడు 3π/2 అలాగే ఉంచొచ్చు. ప్రశ్నలో ఏ హద్దులు ఇచ్చారో ముందు చదవాలి.

ఇంకొకటి, చివరి వాక్యం రాసే తీరు. 2(cos π/3 − i sin π/3) ధ్రువ రూపం కాదు, మధ్యలో రుణ గుర్తు ఉంది. దాన్ని 2(cos(−π/3) + i sin(−π/3)) అని మార్చి రాయాలి. అలాగే బయట −2 ఉంటే అదీ ధ్రువ రూపం కాదు, ఎందుకంటే మాపం ఎప్పుడూ రుణం కాదు. ఆ రుణ గుర్తును కోణంలోకి పంపాలి, అంటే ఆయామానికి π కలపాలి లేదా తీసేయాలి.

ఆయామం కనుక్కోవడానికి నేను tan కంటే cos θ = a/r, sin θ = b/r రెండూ రాయమంటాను. ఒక గీత ఎక్కువ రాయాల్సి వస్తుంది నిజమే, కానీ గుర్తులు రెండూ కళ్లముందుంటాయి కాబట్టి పాదం తప్పిపోదు. −1 + i కి cos θ = −1/√2, sin θ = 1/√2 అని రాసిన పిల్లాడు −π/4 అనలేడు, ఎందుకంటే cos(−π/4) ధనం.

రెండు రకాలూ కలిసి ఉంటే?

ఆ అబ్బాయికి చివరగా ఈ లెక్క ఇచ్చాను.

(1 + i)(−5 + i) / [(3 + 2i)(√3 + i)]

ఇందులో రెండు సంఖ్యలు తెలిసిన కోణాలవి, రెండు కావు. ఇలాంటప్పుడు మొత్తం లెక్కను ఒకే దారిలో లాగక్కరలేదు. తెలియని కోణాల జంటను విడదీసి మొదటి దారిలో భాగించాలి, వచ్చినదాన్ని మిగతావాటితో కలిపి రెండో దారిలోకి తీసుకెళ్లాలి.

వాడు (−5 + i)/(3 + 2i) ని మళ్లీ చేయకుండా −1 + i అని వేసుకున్నాడు. ఈసారి దాని ఆయామం 3π/4 అని పక్కన రాసి, చిన్న బొమ్మ గీసి ఎడమ పైభాగంలో చుక్క పెట్టాడు. మాపం √2 × √2 / 2 = 1. ఆయామం 3π/4 + π/4 − π/6 = 5π/6. −π, π హద్దుల్లోనే ఉంది.

"విప్పి చూసేదా సార్?" అని నేను చెప్పకముందే అడిగాడు.

cos 5π/6 + i sin 5π/6 విప్పితే (−√3 + i)/2. రెండో వైపు నుంచి (−1 + i)(1 + i) గుణిస్తే −2 వచ్చింది. −2 ని √3 + i తో భాగించడానికి పైనా కిందా √3 − i తో గుణించాడు, పైన −2√3 + 2i, కింద 4. అదీ (−√3 + i)/2. ఈసారి వాడు కలిపి చూసింది జవాబులను మాత్రమే కాదు, వాస్తవ భాగం గుర్తు మీదా కల్పిత భాగం గుర్తు మీదా విడివిడిగా టిక్కు పెట్టి నోట్‌బుక్ మూశాడు.